"మీకు వీలైనప్పుడే రండి": ఇందులో ఎత్తిపొడుపు ఎక్కడుంది?

ప్రశ్న: మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. వచ్చే నెల నాన్నగారి సంవత్సరీకం. "సెలవు దొరకడం కష్టంగా ఉందిరా, ముందురోజు రాత్రికి గానీ చేరలేను. ఏర్పాట్లన్నీ నీమీదే పడ్డాయి, ఏమీ అనుకోకు" అని వాట్సాప్‌లో పెట్టాడు. పొద్దున్న పదింటికి, షాపులో బేరాల మధ్య ఇలా జవాబిచ్చాను: "సరే. మీకు వీలైనప్పుడే రండి. ఇక్కడి పనులు ఎలాగూ మేమే చూసుకుంటున్నాం. డబ్బుల గురించి కూడా కంగారు పడకండి." అన్నయ్య మీద నాకు రవ్వంత కోపం లేదు. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదోరోజు వదిన మా ఆవిడకి ఫోన్ చేసి "మరీ అంత ఎత్తిపొడవక్కర్లేదు" అందిట. నేనన్నదాంట్లో ఎత్తిపొడుపు ఎక్కడుంది? పంపకముందే ఇలాంటివి కనిపెట్టే దారేమైనా ఉందా?

ఓ తమ్ముడు, రాజమండ్రి

సమాధానం: ఉందండీ. నాలుగు వాక్యాల్లో ఐదు చోట్ల ఉంది. మీరు కావాలని పెట్టలేదని నేను నమ్ముతున్నాను. అయినా మీ వదినగారు లేనిది ఊహించుకోలేదు. ఒక్కొక్కటే చూద్దాం.

"సరే." తర్వాత మీరు చుక్క పెట్టారు. బడిలో నేర్పిన ప్రకారం అది తప్పు కాదు. కానీ ఫోన్ మెసేజ్‌లో ఆ చుక్క వేరే పని చేస్తుంది. అమెరికాలోని బింగమ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో అచ్చు వేసిన ఒక పరిశోధన ఉంది. 126 మంది విద్యార్థులకి చిన్న చిన్న సంభాషణలు చూపించారు. ఒక్క ముక్కలో ఇచ్చిన జవాబు చివర చుక్క ఉంటే, అది మనస్ఫూర్తిగా అన్నది కాదని వాళ్లకి ఎక్కువగా అనిపించింది. అదే జవాబు కాగితం మీద చేత్తో రాసినట్టు చూపిస్తే ఆ తేడా రాలేదు. మెసేజ్‌లో వాక్యం అయిపోయిందని చెప్పడానికి చుక్క అక్కర్లేదు, పంపడంతోనే అది తెలిసిపోతుంది. అక్కర్లేని చోట చుక్క కనిపిస్తే, ఎందుకు పెట్టాడా అని చదివేవాడు వెతుక్కుంటాడు. అది ఇంగ్లీషు మెసేజ్‌ల మీద చేసిన పని. తెలుగులో ఒంటరి "సరే"కి చుక్క లేకపోయినా తలుపు మూసిన చప్పుడే వస్తుంది. ఎందుకంటే మనం గొంతులో ఉండాల్సిన వెచ్చదనంలో సగం పిలుపులో పెడతాం. "సరే అన్నయ్యా", "సరే అండీ", "సరేరా". ఆయన మెసేజ్‌లో "ఉందిరా" అని ఉంది. మీ జవాబులో పిలుపే లేదు.

రెండోది "మీకు", "రండి". మీరు అన్నయ్యని నువ్వు అంటారో మీరు అంటారో ఉత్తరంలో రాయలేదు. గోదావరి జిల్లాల ఇళ్లలో అన్నయ్యని నువ్వు అనడమే ఎక్కువ కాబట్టి అదే అనుకుంటున్నాను. మీ మనసులో "మీరు" అంటే అన్నయ్య, వదిన, పిల్లలు. ఫోన్ తెరమీద మాత్రం బహువచనానికీ గౌరవానికీ ఒకటే మాట. రాత్రి పదిన్నర దాటాక (మీకు పొద్దున్న పదంటే అక్కడ అంతే మరి) మంచం మీద పడుకుని చదువుతున్న మనిషికి కనిపించింది ఏమిటంటే, నలభై ఏళ్లుగా నువ్వు అన్న తమ్ముడు ఇవాళ మీరు అంటున్నాడు. తెలుగువాళ్లం కోపం వస్తే గౌరవం పెంచేస్తాం. "దయచేయండి" అన్నమాట గుమ్మంలో చుట్టానికీ పనికొస్తుంది, గుమ్మం బయటికి పొమ్మనడానికీ పనికొస్తుంది.

మూడోది చాలా చిన్నది, "వీలైనప్పుడే"లో చివరి ఏత్వం. అది లేకుండా చదవండి: "వీలైనప్పుడు రండి". మామూలు మాట. ఏత్వం చేరగానే రెండు అర్థాలు వస్తాయి. "తొందరపడి ఇబ్బంది పడకు, వీలు చూసుకునే రా" అన్నది ఒకటి. "మీ వీలు మీకు ముఖ్యం కదా, అది చూసుకునే రండి" అన్నది రెండోది. ఫోన్లో మాట్లాడితే మీ గొంతు ఆ "ప్పుడే" దగ్గర మెత్తగా జారేది, ఆయనకి మొదటి అర్థమే చేరేది. రాతలో ఏత్వం ఉంటుంది, దాన్ని నడిపే గొంతు ఉండదు. తెలుగులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఇలాంటి తోకలు మనకి బోలెడున్నాయి. వాటి అర్థమంతా పలికే తీరులో ఉంటుంది. "పర్లేదు" అంటే పర్లేదు. "పర్లేదులే" అంటే ఎంతో కొంత ఉందన్నమాట. "వచ్చావు" వేరు, "వచ్చావుగా" వేరు. ఈ ఏత్వంతో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. కొత్తగా రాస్తున్న ఓ కుర్రాడు వ్యాసం పంపితే "బాగానే ఉంది" అని జవాబు పెట్టాను. నేననుకున్నది "భయపడకు, బాగానే వచ్చింది" అని. అతను చదువుకున్నది "ఏదో, ఫర్వాలేదు" అని. ఆ తర్వాత ఏడాది దాకా ఏమీ పంపలేదు. ఎదురుపడ్డప్పుడు అడిగితే గానీ సంగతి తేలలేదు.

నాలుగోది అన్నిటికన్నా బరువైంది: "ఎలాగూ మేమే చూసుకుంటున్నాం". ఇందులో మూడు ముళ్లున్నాయి. "ఎలాగూ" అంటే నువ్వున్నా లేకపోయినా జరిగేదే అని. "చూసుకుంటాం" అంటే మాట ఇవ్వడం. "చూసుకుంటున్నాం" అంటే ఇన్నాళ్లూ నడుస్తున్నది ఇదే అని గుర్తుచేయడం. ఇక "మేమే". ఇంగ్లీషులో ఒకే "వి" ఉంది. మనకి మనం, మేము అని రెండున్నాయి. వినేవాణ్ని కలుపుకుంటే మనం, బయటపెడితే మేము. నాన్న కార్యం గురించి పెద్దకొడుకుతో మాట్లాడుతూ "మేమే" అన్నారు. మీ ఉద్దేశం నేనూ మా ఆవిడా అని. వ్యాకరణం ప్రకారం మాత్రం ఆ కార్యంలోంచి ఆయన్ని తప్పించారు.

ఐదోది "కూడా". అన్నయ్య డబ్బు మాట ఎత్తలేదు. "డబ్బుల గురించి కూడా" అనేసరికి, పనులు వదిలేశావు సరే, డబ్బు సంగతీ వదిలేశావని మాకు తెలుసులే అన్నట్టు వినిపిస్తుంది. అవతలివాడు పడని కంగారుని పడకు అని చెప్పకూడదు. ఆ కంగారు పడాల్సిందేమో అని అప్పుడు మొదలవుతుంది.

వీటన్నిటి వెనకా ఇంకోటి ఉంది. ఆయన మెసేజ్‌లో రెండు సంగతులున్నాయి. ఆలస్యంగా వస్తున్నానన్నది ఒకటి, "ఏమీ అనుకోకు" అన్నది ఇంకోటి. మీరు మొదటిదానికే జవాబిచ్చారు. క్రిస్టిన్ బైరన్ అనే పరిశోధకురాలు 2008లో ఈమెయిళ్ల మీద రాసిన వ్యాసంలో ఒక వాదన చేశారు. సంతోషంగా రాసింది చదివేవాళ్లకి మామూలుగా అనిపించే అవకాశముంది, మామూలుగా రాసింది కాస్త కటువుగా అనిపించే అవకాశముంది అని. అంటే మనం పెట్టిన వేడి ఒక మెట్టు దిగి చేరుతుందన్నమాట. క్షమాపణలాంటి మాటకి పనుల లెక్క జవాబుగా వెళ్తే ఇంకో మెట్టు కూడా దిగుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పంపేముందు మీరు మెసేజ్ చదువుకునే ఉంటారు. ఏమీ కనిపించి ఉండదు. చదువుతున్నప్పుడు మీ చెవిలో మీ గొంతే మోగుతుంది కదా, అందుకని. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు 2005లో దీన్ని కొలిచి చూశారు. కొన్ని వాక్యాలని వెటకారంగానో మామూలుగానో పంపమన్నారు, అందుకున్నవాళ్లు ఏది ఏదో చెప్పాలి. పంపినవాళ్లు తమ ఉద్దేశం 100కి 78 సార్లు అర్థమవుతుందనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు 73 దాకా సరిపోయింది. ఈమెయిల్‌లో 56. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తుంది. అయినా పంపేవాళ్ల నమ్మకం మాత్రం రెంటికీ ఒకటే.

ఆ పరిశోధనలోనే మందు కూడా ఉంది. తమ వాక్యాన్ని తమ ఉద్దేశానికి విరుద్ధమైన గొంతుతో పైకి చదివినవాళ్లకి ఆ అతినమ్మకం తగ్గింది. మీరు చేయాల్సింది అదే. వెచ్చగా రాశాననుకున్నదాన్ని పుల్లవిరుపు గొంతుతో పైకి చదవండి, మనసులో కాదు. అలాంటి గొంతు ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. "అయ్యో, మీకెందుకమ్మా శ్రమ" అన్నారంటే వంటింట్లో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడేవారు. నేను కాస్త ఇరుకైన మెసేజ్ ఏది పంపాలన్నా ఇప్పటికీ ఆవిడ గొంతుతోనే చదువుతాను. వాక్యం ఆ గొంతులో హాయిగా ఒదిగిపోతే మార్చాలి. ఒదగక ఇబ్బంది పడితే పంపొచ్చు. ముందు అవతలివాళ్ల మెసేజ్ చదివి, ఆ వెంటనే మీది చదవండి. మీది ఒక్కటే చదివితే "సరే" మామూలుగానే ఉంటుంది. "ఏమీ అనుకోకు" వెనకాల "సరే" చదివితే అప్పుడు తెలుస్తుంది.

మీ మెసేజ్‌నే మళ్లీ రాసి చూద్దాం. నేను మొదట ఇలా రాశాను:

"సరే అన్నయ్యా, నువ్వు ముందురోజు రాత్రికి వచ్చినా చాలు. ఇక్కడి పనులు నేను చూసుకుంటాలే. నాన్న ఫొటో పెద్దది చేయించాలి, ఏది బాగుంటుందో నువ్వే చెప్పు."

నువ్వు వచ్చింది, పిలుపు వచ్చింది, మేమే పోయింది. బాగుందనుకుని ఆ పెద్దావిడ గొంతుతో చదివాను. "వచ్చినా చాలు" ఎంత చక్కగా ఒదిగిందో! అదైనా చేశావు, అదే పదివేలు అన్నట్టు. "చూసుకుంటాలే"లో లే ఒక నిట్టూర్పు. "నువ్వే చెప్పు" అయితే పోట్లాటలో సవాలు. మంచి మనసుతో రాసినా మూడు తోకలు మళ్లీ వచ్చి చేరాయి. నోటి మాటలో వీటితోనే ఆప్యాయత చూపిస్తాం కాబట్టి చేతికి అవే వస్తాయి. రెండోసారి:

"అన్నయ్యా, సెలవు ఇబ్బంది అర్థమైంది, నేనేమీ అనుకోలేదు. కార్యం పొద్దున్న తొమ్మిదింటికి, ముందురోజు రాత్రి చేరితే సరిపోతుంది. బ్రాహ్మలతో, వంటవాళ్లతో మాట్లాడేశాను. ఫొటో మాత్రం మనిద్దరం కలిసి ఎంచాలి, నీ దగ్గరున్నవి రెండు మూడు పంపుతావా? ఫ్లైట్ టైము చెప్పు, మధురపూడికి కారేసుకుని వస్తాను."

దీన్ని వెటకారంగా చదవడానికి ప్రయత్నించండి. రెండో వాక్యం దగ్గరే గొంతు తడబడుతుంది. తొమ్మిది గంటలు, ముందురోజు రాత్రి, సరిపోతుంది: లెక్క కనిపిస్తోంది కాబట్టి "సరిపోతుంది"కి వేరే అర్థం తీయడానికి చోటు లేదు. వెటకారానికి ఎటైనా తిప్పుకోగలిగే మాట కావాలి. విమానాశ్రయం పేరూ, కారూ వచ్చాక తిప్పుకోవడం కష్టం. "మాట్లాడేశాను" దగ్గర నాకు చిన్న అనుమానం వచ్చింది. పని అయిపోయిందని చెప్పడమే గానీ నేనొక్కణ్నే చేశానన్న నొక్కు లేదు కదా అని ఉంచేశాను. అలాగే "మాత్రం" కూడా ఒక తోకే. కానీ ఇక్కడ దాని పక్కనే "మనిద్దరం" ఉంది, అది కాపలా కాస్తుంది. అన్ని తోకలూ కోసేస్తే మెసేజ్ కరెంటాఫీసు నోటీసులా తయారవుతుంది. ఏకాంతంగా ఉన్న తోకని తీసేయండి, పక్కన కారణం ఉన్నదాన్ని ఉండనివ్వండి.

బొమ్మ పెడితే పోయేది కదా అనొచ్చు. ఆ ఆలోచనకి నలభై ఏళ్లు దాటాయి. పాదరసం ఒలికిందంటూ కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఎవరో వేసిన జోకుని కొందరు నిజమనుకున్నారు. దాంతో స్కాట్ ఫాల్మన్ అనే ఆయన 1982 సెప్టెంబర్ 19న, జోకైతే ఈ గుర్తు పెట్టండి అంటూ `:-)` సూచించాడు. జోకుని జోకని చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ మీ మెసేజ్‌లో "మీకు వీలైనప్పుడే రండి" పక్కన నవ్వుమొహం పెట్టి చూడండి. ఎత్తిపొడుపుకి పళ్లు కూడా వస్తాయి. దణ్ణం బొమ్మ ఇంకా గడుసుది. కొందరికి అది కృతజ్ఞత, కొందరికి నమస్కారం, విసుగు మీదున్నవాడికి "నీకో దణ్ణంరా బాబూ". మాట నిలబడితేనే బొమ్మ పనికొస్తుంది. మాట వంకరగా ఉంటే అది కూడా అటే వంగుతుంది.

ప్రతి మెసేజ్‌కీ ఇంత పరీక్ష పెట్టుకుంటే షాపు నడవదు. "పాలు తెచ్చావా" అన్నదానికి "తెచ్చా" చాలు. అవతలివాళ్లు క్షమించమన్నప్పుడు, డబ్బు మాట వచ్చినప్పుడు, కాదు అని చెప్పాల్సినప్పుడు, ఇంట్లో చావో జబ్బో ఉన్నప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. పంపాక చూసుకున్నా వాట్సాప్‌లో 15 నిమిషాల దాకా దిద్దుకోవచ్చు, దిద్దినట్టు పక్కన కనిపిస్తుందంతే. తీసేయడం మాత్రం వద్దు. తీసేసిన గుర్తు అక్కడ మిగిలిపోతుంది, ఆ ఖాళీలో ఏముందో చదివేవాడు సొంతంగా రాసుకుంటాడు. మనం రాసినదానికన్నా అది ఎప్పుడూ ఘోరంగా ఉంటుంది.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఏత్వాలు, కూడాలు చేతికి అలవాటు కొద్దీ వస్తాయి. "ఎలాగూ" అంత తేలిగ్గా రాదు. ఈ ఏడాది పొడుగునా మాసికాలు మీరొక్కరే పెట్టి ఉంటారు. రవ్వంత కోపం లేదన్నారు, నమ్ముతాను. ఆ మెసేజ్‌ని వెటకారపు గొంతుతో చదివినప్పుడు "అబ్బే, నేనిలా అనలేదు" అనిపిస్తే సరే. "అన్నా తప్పేముంది" అని ఎక్కడో ఒక మూల అనిపిస్తే మాత్రం, మాటలు దిద్దడంతో పని జరగదు. అది అన్నయ్య వచ్చాక, కార్యం అయ్యాక, ఇద్దరూ కూర్చుని నోటితో చెప్పుకోవాల్సిన సంగతి. మెసేజ్‌లో ఎంత దాచినా ఏదో ఒక తోక పట్టుకుని బయటికొస్తుంది.

ఇక ఇప్పటి సంగతి. ఇంకో మెసేజ్ పెట్టకండి. "నేను ఆ ఉద్దేశంతో అనలేదు, నువ్వు అలా తీసుకున్నావు" అని రాయాలని చెయ్యి దురద పెడుతూ ఉంటుంది. దాన్ని ఆ పెద్దావిడ గొంతుతో ఒకసారి చదివి చూడండి. మీ ఆవిడ ద్వారా వదినకి, వదిన ద్వారా అన్నయ్యకి కబురు పంపడం కూడా వద్దు, దారిలో ఇంకో రెండు తోకలు చేరతాయి. పొద్దున్న ఏడున్నరకి, షాపు తీయకముందు, ఫోన్ చేయండి. అక్కడ రాత్రి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది, భోజనాలు అయి ఉంటాయి. "అన్నయ్యా, మొన్న నేను పెట్టిన మెసేజ్ మళ్లీ చదివితే నాకే ఎత్తిపొడిచినట్టుంది. షాపులో ఉండి గబగబా కొట్టేశాను" అనండి. అక్కడితో ఆగి, ఆయన ఏదంటే అది విని, ఫొటో సంగతి ఎత్తండి.